మడతల పోయిన అంకెను నింపొచ్చా? సర్టిఫికెట్ బాగుచేసుడు ఎక్కడ ఆపాలె?

దేవరకొండ స్టూడియో

అందరికి నమస్తే. దేవరకొండల ఫొటో స్టూడియో, దాని పక్కనే జిరాక్స్ నడుపుత. పద్నాలుగేండ్ల సంది ఇదే పని.

నిన్న పొద్దుగూకే యాళ్లకు ఒక ఆడబిడ్డ పదో తరగతి మెమో పట్టుకొచ్చింది. ఇంట్ల డబ్బా అడుగున నాలుగు మడతలు పెట్టి దాచిండ్రట. పసుపు పొట్లం పలిగి కాగితానికి పట్టింది. నిలువు మడత మీద కాగితం పెచ్చులూడి, పుట్టిన తేదీల రెండో అంకె ఎడమ సగం పోయింది. మొదటి అంకె 1 మంచిగనే ఉన్నది. రెండోది కుడి సగమే మిగిలింది. అది 3 కావచ్చు, 8 కూడ కావచ్చు. కుడి దిక్కు చూస్తే రెండూ ఒక్కతీరుగనే ఉంటయి.

"అన్నా, అది 18. నా పుట్టినరోజు నాకు తెల్వదా? కొంచెం నింపియ్యి" అంటది. ఆధార్ కార్డు గూడ చూపెట్టింది, దాంట్ల 18 అనే ఉన్నది. వచ్చే బుధవారం ఆమెకు ఉద్యోగం కోసం సర్టిఫికెట్ వెరిఫికేషన్. ముందుగాల స్కాన్ అప్‌లోడ్ చెయ్యాలె, ఆ రోజు అసలు కాగితం చూపెట్టాలె.

నాకు రెండు నిమిషాల పని. పక్క అంకెలకెల్లి 8 తీసి అతికిస్తే ఎవరు గుర్తుపట్టరు. కానీ చెయ్యి ఆడలే. రేపు రమ్మన్న. మరకలు తీస్త, వంకర సరిచేస్త, ఎలిసిపోయిన అక్షరాలను నల్లగ జేస్త. ఇవన్నీ రోజూ చేసే పనులే. మరి ఇదొక్కటి ఎందుకు వేరే అనిపిస్తున్నది? గీత ఎక్కడున్నదో చెప్పుండ్రి.

పాలమూరు ప్రింట్స్

నింపియ్యన్నా, ఇంత ఆలోచన ఎందుకు? ఫోర్జరీ అంటే మోసం చేసే ఉద్దేశం ఉండాలె. ఆ పిల్ల అబద్ధం చెప్తలేదు, ఆధార్ కార్డే సాక్ష్యం ఉన్నది. ఉన్న నిజాన్ని మళ్లీ రాస్తే మోసం ఎట్లయితది? పెండ్లి ఫొటోల చిరిగిన చెయ్యిని గీస్తలేమా, ఇది గూడ గంతే. నేనైతే ఇసొంటివి శానా చేసిన, ఎన్నడు ఎవరు అడగలే.

నల్లగొండ పాత సూపరింటెండెంట్

నేను నల్లగొండలో ఒక కార్యాలయంలో ఇరవై రెండేళ్లు సర్టిఫికెట్ల పరిశీలన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పాలమూరు మిత్రుడు చెప్పినదాంట్లో సగం సరైనది. ఉద్దేశం ముఖ్యమే. కానీ ఆయన ఒక విషయం చూడలేదు.

పదో తరగతి మెమో ఆ అమ్మాయి ఎప్పుడు పుట్టిందో చెప్పే కాగితం కాదు. బోర్డు తన రికార్డులో ఏ తేదీ రాసుకుందో చెప్పే కాగితం. ఈ రెండూ ఒకటే కానక్కర లేదు. మన పల్లెల్లో బడిలో చేర్పించే రోజున పంతులుగారే ఒక తేదీ వేసేవారు. తండ్రి "వానాకాలంలో పుట్టింది సార్" అంటే జూన్‌లో ఏదో తేదీ పడేది. అదే అడ్మిషన్ రిజిస్టర్‌లోకి, అక్కడి నుంచి మెమోలోకి వెళ్లేది. ఇంట్లో చేసుకునే పుట్టినరోజు వేరు, మెమోలో ఉన్నది వేరు అయిన వాళ్లను నేను వందల్లో చూశాను. అందుకే ఆమె నిజం చెబుతున్నా, మీరు నింపే అంకె తప్పు కావచ్చు. ఆధార్‌లో 18 ఉందంటే, ఆధార్ చేయించుకున్న రోజు ఇంట్లోవాళ్లు 18 అని చెప్పి ఉండొచ్చు. దాన్ని బట్టి మెమోలో ఏముందో తెలియదు.

ఇంకో సంగతి. వెరిఫికేషన్ బల్ల దగ్గర మేము మొదట చేసే పని, అప్‌లోడ్ చేసిన కాపీని చేతిలో ఉన్న అసలుతో పక్కపక్కన పెట్టడం. కాపీలో అంకె నిండుగా ఉండి, అసలులో సగమే ఉంటే అభ్యర్థిని నిలబెట్టి అడుగుతాం. అసలులోనే మడత పెచ్చులూడి ఉంటే అడగం. హాల్‌టికెట్ నంబర్, సంవత్సరం పట్టుకొని బోర్డు రికార్డులో చూసుకుంటాం. పాడైన కాగితం వల్ల ఆలస్యమైన వాళ్లను చూశాను. దిద్దిన కాపీ వల్ల ఉద్యోగమే పోగొట్టుకున్న వాళ్లనూ చూశాను.

బాబూ, ఆ మెమోలో తేదీ అంకెల్లోనే ఉందా, కింద అక్షరాల్లో కూడా ఉందా? ముందు అది చూసి చెప్పు.

లక్ష్మి, నాగర్‌కర్నూల్

నాది గూడ ఇసొంటిదే, జర చెప్పుండ్రి. విత్తనాల దుకాణంల ఇచ్చిన బిల్లు, మిషన్‌ల కొట్టిన సన్న కాగితం. మొలక సరిగ రాలే, పరిహారం అడగాలంటే బిల్లు కావాలన్నరు. తీసి చూస్తే అక్షరాలు దాదాపు ఎలిసిపోయినయి. మా మరిది కొత్త పెన్నుతోని అవే అక్షరాల మీద మళ్లీ దిద్దుత అంటడు. ఉన్న అక్షరాల మీదనే కదా దిద్దేది, కొత్తవి రాస్తలేము. చేస్తే ఏమన్న అయితదా? లామినేషన్ చేయిస్తే నిలుస్తదా?

మిర్యాలగూడ చిత్ర

లక్ష్మక్కా, ముందు లామినేషన్ ఆలోచన మానుకోండి. ఆ కాగితానికి సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. లామినేషన్ మిషన్ వేడికి కాగితం మొత్తం నల్లగా మారుతుంది, ఇప్పుడు కనిపిస్తున్న ఆ కొద్దిపాటి అక్షరాలు కూడా పోతాయి. బండి డ్యాష్‌బోర్డు మీద, ఎండలో పెట్టొద్దు.

పెన్నుతో దిద్దొద్దు. అక్షరం మీద పెన్ను పెట్టాక, కింద అసలు ఏముండేదో ఎవరికీ చూపించలేరు. మీరు సరిగ్గా దిద్దినా, దుకాణదారు "నేను ఇచ్చింది ఇది కాదు" అంటే మీ దగ్గర జవాబు ఉండదు. ఏదైనా స్టూడియోలో రంగుల్లో, 600 రిజల్యూషన్‌లో స్కాన్ చేయించండి. తర్వాత ఆ ఫైలులోనే చీకటి వెలుతురు మాత్రం మార్చితే, కంటికి కనిపించని బూడిద రంగు అక్షరాలు చాలావరకు పైకి వస్తాయి. మార్చని స్కాన్, మార్చిన స్కాన్, అసలు బిల్లు మూడూ కలిపి ఇవ్వండి. దుకాణం దగ్గర రెండో ప్రతి ఉంటుంది, అదీ అడగండి.

ఇక దేవరకొండ అన్నకు. నేను పాత ఫొటోలు బాగుచేసే పని చేస్తాను. పాలమూరు అన్న పెండ్లి ఫొటో పోలిక తెచ్చారు కాబట్టి చెప్తున్నా. ఫొటోలో అమ్మమ్మ చెయ్యి నేను ఊహించి గీస్తాను, ఆ ఇంటివాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఆ చెయ్యిని నమ్మి ఎవరూ జీతం ఇవ్వరు. కాగితం విషయంలో నా పద్ధతి ఒకటే. ఆ చోట ఉన్న సిరా కనిపించకపోతే కనిపించేలా చేస్తాను. ఆ చోట లేని సిరాను ఇంకో చోటి నుంచి తేను. పక్క అంకె నుంచి 8 తీసి అతికిస్తే అది ఆ చోటి సిరా కాదు.

ఈ లెక్కన వంకర సరిచేయడం, నీడ తీయడం, వెలుతురు పెంచడం అన్నీ సరే. క్లోన్ బ్రష్, హీలింగ్ బ్రష్ మాత్రం అక్షరాలకు, ముద్రకు, సంతకానికి, ఫొటోకు తగలనివ్వను.

దేవరకొండ స్టూడియో

సార్, చూసిన. అంకెల కింద ఇంగ్లిష్ అక్షరాలల్ల గూడ ఉన్నది. కానీ సరిగ్గ ఆడనే పసుపు మందంగ పట్టింది. చివరి నాలుగు అక్షరాలే కనపడుతున్నయి, 'టీన్' అని. థర్టీన్ అయినా, ఎయిటీన్ అయినా ఇంగ్లిష్‌ల ఎనిమిది అక్షరాలే. చివరి నాలుగు రెండింటికీ ఒక్కటే. లెక్కపెట్టి గూడ లాభం లేకపాయె. ముందటి నాలుగు పసుపు కింద ఉన్నయి.

మిర్యాలగూడ చిత్ర

అన్నా, మీ అదృష్టం బాగుంది. పసుపు మరకే కదా! నూనె మరకో, చెదో అయి ఉంటే ఇంత తేలిక కాదు.

రంగుల్లో స్కాన్ చేసి ఫొటోషాప్‌లో `Channels` తెరవండి. నీలం ఛానల్ చూస్తే మరక నల్లగా ముద్దలా కనిపిస్తుంది, పసుపు నీలం వెలుతురును మింగేస్తుంది కాబట్టి. ఎరుపు ఛానల్ ఒక్కటే చూడండి. అక్కడ పసుపు దాదాపు తెల్ల కాగితంలా కనిపిస్తుంది, నల్ల అక్షరం మాత్రం నల్లగానే నిలబడుతుంది. అక్షరాలు పూర్తిగా ఊడిపోకపోతే చదవొచ్చు.

ఒక జాగ్రత్త. ఆ ఎరుపు ఛానల్ కాపీ చదువుకోవడానికే, అప్‌లోడ్ చేయడానికి కాదు. మెమో మీద ఎర్ర ముద్ర ఉంటే ఎరుపు ఛానల్‌లో అది మాయమైపోతుంది, ఊదా ముద్ర పలచబడుతుంది. మరక తీయబోయి ముద్రనే తీసేసినవాళ్లు అవుతారు. మా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఇదే జరిగింది. ఫోన్ స్కానర్ యాప్ తెల్లగా చేసే ఫిల్టర్‌తో తీసిన కాపీలో పలచటి ముద్ర పోయింది. ముద్ర లేని కాగితం ఎందుకు పెట్టావని ఆ పిల్లవాణ్ణి అడిగారు. వాడు ఏమీ మార్చలేదు, ఫిల్టర్ మార్చింది.

మడత దగ్గర అంకెకు ఇంకో ఉపాయం ఉంది. గది చీకటి చేసి, టార్చి లైటును కాగితానికి దాదాపు సమంగా పడుకోబెట్టి పక్క నుంచి వేయండి. అది సూది ప్రింటర్‌తో కొట్టిన మెమో అయితే సూదుల గుంటలు నీడలో తేలతాయి. పై పొర ఊడినా, కింది పొరలో గుంట మిగిలి ఉండొచ్చు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూడండి.

జడ్చర్ల కిరణ్

స్కాన్ విషయంలో ఇంకో మాట. పీడీఎఫ్ సైజు తగ్గించడానికి గట్టిగా నొక్కితే అంకెలు పాడవుతాయి. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన కనిపెట్టాడు. జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ మిషన్లలో ఇంటి ప్లాన్ స్కాన్ చేస్తే గదుల కొలతలే మారిపోయాయి. ఒకేలా ఉన్న ముక్కలను ఒకే బొమ్మగా దాచే పద్ధతి వల్ల కొన్ని చోట్ల 6 ఉన్నచోట 8 వచ్చింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు, చూడటానికి అంకె మాత్రం నున్నగా, అందంగా ఉంది. మసకగా ఉంటే మనం అనుమానిస్తాం, నున్నగా ఉంటే నమ్మేస్తాం. కాబట్టి 3, 8 తేల్చుకునే పని కుదించిన ఫైలు మీద చేయొద్దు. అప్‌లోడ్‌కు కుదించాక కూడా తేదీ, హాల్‌టికెట్ నంబర్, మార్కులు అసలుతో ఒక్కొక్కటి కలిపి చూసుకోండి.

పాలమూరు ప్రింట్స్

బోర్డు తేదీ, ఇంటి తేదీ వేరే ఉంటదన్న సంగతి నాకు తట్టలే, అది ఒప్పుకుంట. కానీ చట్టం ప్రకారం నా మాట తప్పా? ఉద్దేశం లేకుంటే నేరం కాదు కదా?

మహబూబ్‌నగర్ వకీలు

మీ మాట పూర్తిగా తప్పు కాదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. తప్పుడు పత్రం అంటే ఏమిటో 335 సెక్షన్ చెబుతుంది. తయారైన పత్రంలో, అధికారం లేకుండా, కీలకమైన భాగాన్ని మోసపూరితంగానో దురుద్దేశంతోనో మార్చడం అందులోకి వస్తుంది. అక్కడిచ్చిన మొదటి ఉదాహరణ ఒక్క సున్నా గురించే. పది వేలకు ఒక సున్నా చేర్చి లక్ష చేయడం. కాబట్టి "ఒక్క అంకే కదా" అన్న మాట చెల్లదు.

ఉద్దేశం ఉండాలన్నది నిజమే. కానీ పోలీసు మీ మనసులోకి తొంగి చూడలేడు. ఏ అంకె ఉందో మీకు తెలియదు, అయినా వేశారు, ఆ కాగితం ఉద్యోగం కోసం వాడతారని మీకు తెలుసు, డబ్బు తీసుకున్నారు. ఇవన్నీ కలిపి ఉద్దేశాన్ని ఊహిస్తారు. చివరికి కోర్టులో మీరు గెలవొచ్చు, గెలిచేదాకా మీ కంప్యూటర్ ఠాణాలో ఉంటుంది.

లక్ష్మిగారి ప్రశ్న చూసి ఇంకొకటి చెప్పాలనిపించింది. రసీదు చిన్న కాగితం అని అందరూ అనుకుంటారు. డబ్బు ముట్టినట్టు ఉన్న రసీదును ఫోర్జరీ చేస్తే 338 సెక్షన్. యావజ్జీవం దాకా, లేదా పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆధార్, ఓటరు కార్డు పేర్లు 337లో నేరుగా ఉన్నాయి, అక్కడ ఏడేళ్ల దాకా. అంటే గుర్తింపు కార్డు కంటే రసీదుకే పెద్ద శిక్ష. కిరాయి రసీదుల్లో నెల మార్చి ఇమ్మని దుకాణాలకు వచ్చేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

డిగ్రీ ఫైనలియర్, పాలమూరు

నేను గూడ ఒకటి అడగాలె. నా ఇన్‌కమ్ సర్టిఫికెట్ పీడీఎఫ్‌ల సంతకం దగ్గర పసుపు ప్రశ్న గుర్తు వస్తది. కాలేజీల స్కాలర్‌షిప్‌కు పచ్చ టిక్కు ఉండాలన్నరు. ఒక నెట్ సెంటర్‌ల ఇరవై రూపాయలకు పచ్చ టిక్కు అతికించి ప్రింట్ ఇచ్చిండు. సర్టిఫికెట్ అసలుదే. ఇది గూడ తప్పేనా?

అచ్చంపేట మీసేవ

తమ్మీ, ఆ ప్రింట్ చించెయ్యి. నీ సర్టిఫికెట్ మంచిదే, ఆ టిక్కే మంచిది కాదు.

ప్రశ్న గుర్తు అంటే సర్టిఫికెట్ దొంగదని కాదు. సంతకం చేసిన అధికారి డిజిటల్ సర్టిఫికెట్‌ను నీ కంప్యూటర్‌ల ఉన్న అడోబ్ రీడర్ ఇంకా నమ్మలే, గంతే. టిక్కు పెట్టేది తహసీల్దారు కాదు, మీసేవ కాదు. పీడీఎఫ్ తెరిచిన ప్రతిసారీ ఆ రీడరే సంతకాన్ని లెక్కగట్టి చూసి చెప్పే మాట అది. అతికించిన టిక్కు అంటే, ఎవరూ చూడకుండనే "చూసినం" అని రాసినట్టు.

అడోబ్ రీడర్‌ల పీడీఎఫ్ తెరిచి ఆ ప్రశ్న గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టు. `Validate Signature`, ఆ తర్వాత `Signature Properties`, `Show Signer's Certificate` ఒత్తు. అక్కడ ఇచ్చింది ఎవరో చదువు, ఊరికే ఒత్తుకుంట పోకు. సరే అనిపిస్తే `Trust` ట్యాబ్‌ల `Add to Trusted Certificates` ఒత్తి మళ్లీ వ్యాలిడేట్ చెయ్యి. పచ్చ టిక్కు దానంతట అదే వస్తది. నెట్ మాత్రం ఆన్‌ల ఉండాలె.

ఇంకో మాట. ఫొటోషాప్‌ల తెరిచి సేవ్ చేసిన నిమిషమే సంతకం పోతది, ఒక్క అక్షరం మార్చకున్నా సరే. మిగిలేది బొమ్మనే. అందుకే పీడీఎఫ్ వచ్చింది వచ్చినట్టు పంపు. కాలేజీవాళ్లకు అనుమానం ఉంటే దాని మీద ఉన్న అప్లికేషన్ నంబర్‌తో పోర్టల్‌ల చూసుకుంటరు.

ఆధార్ గూడ అంతే. దాని క్యూఆర్ కోడ్‌ల పేరు, పుట్టిన తేదీ, ఫొటో సంతకంతోని సహా ఉంటయి. పైన అక్షరం మారిస్తే కోడ్ స్కాన్ చేసినప్పుడు అసలు బయటపడుతది. నంబర్ దాచుకోవాలంటే మొదటి ఎనిమిది అంకెలు కనపడకుంట మాస్క్‌డ్ ఆధార్ అని వాళ్లే ఇస్తరు. దాచినట్టు అందరికీ కనపడుతది, అది సక్కటి దాపుడు.

పాలమూరు ప్రింట్స్

చిత్రక్కా, మరి చిరిగిన మూల సంగతి? అక్షరం లేదు, ముద్ర లేదు, ఖాళీ మూల. కాగితం రంగు నింపి అంచు గీత కలిపితే ఏమయితది? చిరిగిన స్కాన్ పెడితే వెబ్‌సైట్‌ల తిప్పి కొడుతున్నరు.

మిర్యాలగూడ చిత్ర

నేనైతే నింపను. చిరుగు కూడా ఆ కాగితం స్థితే. వెనకాల తెల్ల కాగితం పెట్టి స్కాన్ చేస్తాను, చిరుగు చిరుగులాగే కనిపిస్తుంది.

నల్లగొండ పాత సూపరింటెండెంట్

ఇక్కడ చిత్రగారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఖాళీ మూల నింపిన కాపీ మా ముందుకు వస్తే, అసలుతో పోల్చి చూసి, సమాచారం ఏదీ మారలేదు కాబట్టి వదిలేసేవాళ్లం. కానీ నాతో పనిచేసిన ఒకాయన అలాంటివి కూడా వెనక్కి పంపేవాడు. ఆ మూలన ఏముండేదో మనకెలా తెలుసు, సీరియల్ నంబరే ఉండిందేమో అనేవాడు. ఆయన మాటనూ కొట్టిపారేయలేను.

దేవరకొండ స్టూడియో

రాసేటందుకు రెండు రోజులు పట్టింది, ఏమనుకోకుండ్రి.

చిత్రక్క చెప్పినట్టే చేసిన. 600ల రంగుల స్కాన్ తీసి ఎరుపు ఛానల్ చూసిన. పసుపు పోయింది. ముందటి నాలుగు అక్షరాలల్ల రెండోది కొంచెం ఎలిసిపోయింది గని, మొదటిది స్పష్టంగ టి, మూడోది ఐ, నాలుగోది ఆర్. అది థర్టీన్. టార్చి పక్క నుంచి ఏసి చూస్తే అంకె ఊడిన చోట గూడ ఎడమ దిక్కు నిలువు గుంటలు లేవు. 8 అయితే ఆడ గుంటలు ఉండాలె, కుడి దిక్కు మాత్రం ఉన్నయి. అంటే మెమోల ఉన్నది 13.

ఆ బిడ్డకు స్క్రీన్ మీద చూపెట్టిన. మొదలు నమ్మలే. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల నాయన, "బడిల సారే రాసుకున్నడు బిడ్డా, నేను వానాకాలం అని చెప్పిన" అన్నడట. సూపరింటెండెంట్ సార్ రాసిన మాటనే! ఆమె అబద్ధమాడలే. నేను గనక ఆ రోజు నింపి ఉంటే, బోర్డు రికార్డుల 13, నా కాపీల 18 ఉండేవి. ఆ బిడ్డ దొంగయ్యేది.

ఇప్పుడు మెమోను వంకర సరిచేసి, మరక, మడత అట్లనే ఉంచి రంగుల కాపీ ఇచ్చిన. ఆమె చదివిన బడికి పోయి హెడ్‌మాస్టర్‌ను కలిసింది. అడ్మిషన్ రిజిస్టర్‌ల గూడ 13 అనే ఉన్నదట. పాడైన మెమోకు బదులు డూప్లికేట్ కోసం ఆయన ద్వారానే పరీక్షల డైరెక్టరేట్‌కు దరఖాస్తు పెడుతున్నరు. అది బుధవారం లోపల రాదు. రిజిస్టర్ చూసి హెడ్‌మాస్టర్ ఒక లెటర్ రాసిచ్చిండు, దాన్ని పట్టుకొని పోతది.

ఆధార్‌ల 18 ఉన్నది కదా, దాన్ని ఇప్పుడే మార్పించుకోవాలెనా, వెరిఫికేషన్ అయినంక మార్పించుకోవాలెనా?

అచ్చంపేట మీసేవ

పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఆధార్‌ల మామూలుగ ఒక్కసారే ఇస్తరు. తొందరపడి వాడుకోవద్దు. డూప్లికేట్ మెమో చేతికి వచ్చినంక, దాన్నే ఆధారంగ పెట్టి మార్పించుకుంటే మంచిదని నా అభిప్రాయం.

నల్లగొండ పాత సూపరింటెండెంట్

నేను ఇంకోలా చెబుతాను. వెరిఫికేషన్‌లో పుట్టిన తేదీకి మెమోనే చూస్తారు, కానీ ఆధార్‌తో తేడా కనిపిస్తే అడుగుతారు. ముందే ఆమె ఒక కాగితం మీద తన చేత్తో, రెండు తేదీలు ఎందుకు వేరుగా ఉన్నాయో రాసి సంతకం చేసి దగ్గర ఉంచుకోవాలి. అడిగితే ఇవ్వాలి, అడగకపోయినా దాచొద్దు. బుధవారం ఏమైందో ఇక్కడ రాయండి బాబూ.

లక్ష్మి, నాగర్‌కర్నూల్

మా మరిది చేతిలకెల్లి పెన్ను గుంజుకున్న. దుకాణాయన రెండో ప్రతి దొరకలే అన్నడు, రేపు మళ్లీ పోత. స్కాన్‌ల మాత్రం తేదీ, విత్తనం పేరు, లాట్ నంబర్ పైకి వచ్చినయి. రేటు దగ్గర ఒక అంకె ఎంత జేసినా వస్తలేదు. అది అట్లనే ఉంచి ఇస్త.